214 క్లిప్పులు, ఒక లాగ్ షీట్: రఫ్ కట్‌కి ముందు మార్కులు వేసే పని ఎక్కడి నుంచి వచ్చింది?

పోయిన వారం విస్సన్నపేట మామిడి తోటల వీడియో చూసి చాలామంది ఒకే ప్రశ్న అడిగారు: "అన్నా, 22 నిమిషాల వీడియోకి మూడు వారాలు ఎందుకు పట్టింది?" మూడు రోజుల షూటింగ్‌లో మాకు వచ్చిన ఫుటేజ్ 6 గంటల 40 నిమిషాలు, మొత్తం 214 క్లిప్పులు. అందులో మొదటి నాలుగు రోజులు నేను ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క కట్ కూడా వేయలేదు. ప్రతి క్లిప్ మొదటి నుంచి చివరిదాకా చూశాను, ఏముందో రాసుకున్నాను, మార్కు వేశాను. దీన్నే లాగింగ్ అంటారు. ఈ ఎపిసోడ్ దాని గురించే. ఎలా చేయాలో చెప్పే ముందు ఆ అలవాటు ఎలా పుట్టిందో చెప్తాను. ఆ కథ తెలిస్తే మన ఫోన్లలో ఏం మాయమైందో అర్థమవుతుంది.

ముందు రీలు రోజులకి వెళ్దాం. 35 ఎంఎం ఫిల్మ్‌లో ఒక అడుగుకి 16 ఫ్రేములు. సెకనుకి 24 ఫ్రేములు తిరుగుతాయి కాబట్టి నిమిషానికి 90 అడుగులు అయిపోతాయి. వెయ్యి అడుగుల డబ్బా ఒకటి లోడ్ చేస్తే పదకొండు నిమిషాలు మాత్రమే. అంతటితో ఖర్చు తీరదు. షూట్ చేసింది నెగెటివ్. అది ల్యాబ్‌కి వెళ్లి కడిగించుకోవాలి, తర్వాత చూడటానికి పాజిటివ్ ప్రింట్ వేయించుకోవాలి. ప్రతి అడుగుకీ డబ్బే. ఒక సీనుకి ఎనిమిది టేకులు తీస్తే ఎనిమిదీ ప్రింట్ చేయించే నిర్మాత ఎవరుంటారు?

అందుకే సెట్‌లోనే తేల్చేసేవాళ్లు. డైరెక్టర్ "ఓకే" అంటే ఓకే, "ఎన్‌జీ" అంటే పనికిరాదు. కెమెరా అసిస్టెంట్ దగ్గర కెమెరా రిపోర్ట్ అని ఒక కాగితం ఉండేది. అందులో రోల్ నంబరు, సీను, షాటు, టేకు, ఎన్ని అడుగులు అయ్యాయి, ఇవన్నీ రాసి, ప్రింట్ చేయాల్సిన టేకు చుట్టూ సున్నా చుట్టేవాడు. హాలీవుడ్‌లో ఇప్పటికీ మంచి టేకుని "సర్కిల్ టేక్" అనడం అక్కడి నుంచి వచ్చిందే. ఆ సున్నానే మన సినిమా చరిత్రలో తొలి రేటింగ్ అనుకోవచ్చు. దాని వెనక కళా దృష్టి ఎంతో చెప్పలేను కానీ, ల్యాబ్ బిల్లు మాత్రం కచ్చితంగా ఉంది. క్లాప్ బోర్డు మీద రాసిన నంబరు, రిపోర్టులో రాసిన నంబరు, ఎడిటర్ చేతిలోని డబ్బా మీద నంబరు, మూడూ కలిస్తేనే ఆ ముక్క దొరుకుతుంది. చాలామంది క్లాప్ బోర్డుని సౌండ్ సింక్ కోసం అనుకుంటారు. అది సగమే నిజం. మిగతా సగం, అది క్లిప్‌కి పేరు పెట్టే పలక.

ఫీచర్ సినిమాకి సున్నా సరిపోతుంది, ఎందుకంటే ఏం కావాలో స్క్రిప్ట్‌లో ముందే ఉంటుంది. స్క్రిప్ట్‌ని మించి తీసినప్పుడే చిక్కు. 'అపోకలిప్స్ నౌ' సినిమా 1979లో వచ్చింది. దానికి తీసిన ఫిల్మ్ దాదాపు పన్నెండున్నర లక్షల అడుగులు. నిమిషానికి 90 అడుగుల లెక్కన వేసుకోండి, 230 గంటల పైమాటే. తెర మీదికి వచ్చింది సుమారు రెండు గంటల 25 నిమిషాలు. అంటే తెర మీద ఒక నిమిషానికి వెనక 95 నిమిషాలు. దాని ఎడిటర్లలో ఒకరైన వాల్టర్ మర్చ్ తన పద్ధతి గురించి పుస్తకమే రాశాడు. రషెస్ మొదటిసారి చూస్తున్నప్పుడే మనసులో ఏం తడితే అది రాసుకుంటాడు. తర్వాత మళ్లీ చూసి, ఈసారి తీరిగ్గా, ఏ ఫ్రేము దగ్గర ఏముంది అనే నోట్స్ వేరుగా రాస్తాడు. ఎందుకు రెండు సార్లు? ప్రేక్షకుడు ఆ షాట్‌ని ఒక్కసారే, కొత్తగా చూస్తాడు. ఎడిటర్‌కి ఆ కొత్తదనం మొదటి చూపులోనే ఉంటుంది. పదోసారికి నవ్వు రాదు, ఏడుపూ రాదు. మొదటి చూపులో నవ్వొచ్చింది అని కాగితం మీద లేకపోతే, నెల తర్వాత ఆ షాట్ నవ్వు తెప్పిస్తుందో లేదో మనకే తెలియదు.

ఇంకొకాయన ఫ్రెడరిక్ వైజ్‌మన్. 'టిటికట్ ఫాలీస్' (1967) తీసిన డాక్యుమెంటరీ దర్శకుడు. ఈయన దగ్గర స్క్రిప్ట్ ఉండేది కాదు, వాయిస్ ఓవర్ ఉండేది కాదు, ఇంటర్వ్యూలు కూడా ఉండేవి కావు. ఒక ఆసుపత్రికో స్కూలుకో వెళ్లి వారాల తరబడి షూట్ చేసేవాడు. తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు ఫుటేజ్ అంతా చూసి, హోటళ్లకి మిషెలిన్ గైడ్ వాళ్లు ఇచ్చినట్టు, నక్షత్రాలు వేసేవాడు. ఆ చూపు అయ్యేసరికి దాదాపు సగం ఫుటేజ్ పక్కకి పోయేది. కట్ అప్పుడు మొదలు. నేను మూడు నక్షత్రాల పద్ధతి తీసుకున్నది ఈయన దగ్గరే.

తర్వాత టేపు వచ్చింది. టేపు చవక, పైగా చెరిపి మళ్లీ వాడుకోవచ్చు. అలాగైతే రేటింగ్ అవసరం పోవాలి కదా? పోలేదు, కారణం మారింది. టేపు మీద ప్రతి ఫ్రేముకీ టైమ్‌కోడ్ ఉంటుంది: గంట, నిమిషం, సెకను, ఫ్రేము. 2000 ప్రాంతంలో చాలామంది చేతికి వచ్చిన మినీడీవీ టేపునే తీసుకోండి. గంట టేపుని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి గంట పడుతుంది, అది ప్లే అవుతూ ఎక్కాలి మరి. ఎక్కాక సుమారు 13 జీబీ తింటుంది. అప్పటి హార్డ్ డిస్కు సైజు 20, 40 జీబీ. మూడు టేపులకే డిస్కు నిండిపోయేది. అందుకే ముందు టేపు చూసి, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా కావాలో రాసుకుని, ఆ ముక్కలే ఎక్కించేవాళ్లు. పాత ఫైనల్ కట్ ప్రోలో "లాగ్ అండ్ క్యాప్చర్" అని ఒక విండో ఉండేది. రీల్ పేరు, ఇన్, అవుట్, వివరణ, సీను, టేకు, నోట్, పక్కనే "గుడ్" అని ఒక టిక్ బాక్సు. చూస్తే మనకి నవ్వొస్తుంది, అది కెమెరా రిపోర్ట్ కాగితమే, సున్నా బదులు టిక్. ముందు లాగ్, తర్వాతే క్యాప్చర్. ఈ వరస పేరులోనే ఉంది.

ఇక్కడ మన తెలుగు నేల మీది ఒక సంగతి చెప్పాలి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా పనిచేసిన పి.వి. సతీశ్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. 1990ల చివర్లో అక్కడి దళిత మహిళా రైతులు వీడియో కెమెరా నేర్చుకున్నారు. వాళ్లలో చాలామందికి చదవడం రాయడం రాదు. లో యాంగిల్, ఐ లెవెల్ లాంటి మాటలు వాళ్లకేం పని? వాళ్లే పేర్లు పెట్టుకున్నారు. దొరకీ కూలికీ మధ్య ఎత్తు తేడా కనిపించే షాట్‌ని "పటేల్ షాట్" అన్నారు. ఎదుటి మనిషి కళ్ల ఎత్తులో కెమెరా పెట్టి తీస్తే "సంఘం షాట్". సంఘంలో అందరూ నేల మీద ఒకే ఎత్తులో కూర్చుంటారు కదా, అందుకని.

2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ పత్తి వేసిన వరంగల్ రైతుల దగ్గరికి ఈ మహిళలు వెళ్లి తీసిన సినిమా 2003లో వచ్చింది, ఆ రైతులకి ఎందుకు కోపం వచ్చిందో చెప్పే సినిమా. నన్ను ఆపేసింది ఆ షాట్ల పేర్లు. యాంగిల్ ఒక్కటే రాస్తే కెమెరా ఎక్కడ ఉందో తెలుస్తుంది. "పటేల్ షాట్" అని రాస్తే ఆ షాట్ ఎవరి పక్షాన ఉందో కూడా తెలుస్తుంది. లాగ్‌లో వివరణ రాసేటప్పుడు నాకు ఇది బాగా పనికొచ్చింది. "వైడ్, తోట, మధ్యాహ్నం" అని రాస్తే రేపు వెతుక్కోవడానికి ఏమీ మిగలదు. "కూలీలు చిక్కంతో కోస్తున్నారు, యజమాని నీడలో కూర్చుని లెక్క రాస్తున్నాడు" అని రాస్తే ఆ షాట్ ఎక్కడ అతకాలో సగం తెలిసిపోయినట్టే.

ఇక ఫోన్ల కాలం. ఫిల్మ్ ఖర్చు లేదు, ల్యాబ్ లేదు, గంటసేపు ఎక్కించే పని లేదు. కేబుల్ పెట్టి లాగితే పది నిమిషాల్లో అంతా టైమ్‌లైన్ మీద ఉంటుంది. అంటే ముందు చూడమని మనల్ని బలవంతపెట్టే గేటు ఒక్కటీ మిగల్లేదు. దీని ఫలితం మీరూ చూసే ఉంటారు. ఎడిటర్ తనకి గుర్తున్న క్లిప్పులతో మొదలుపెడతాడు. గుర్తుండేవి ఏవి? డ్రోన్ షాట్, గట్టిగా నవ్విన మనిషి, చివరి రోజు తీసినవి. మిగతావి ఉన్నట్టు కూడా తెలియదు.

సరే, విస్సన్నపేట లెక్కకి వస్తాను. నా లాగ్ ఒక మామూలు స్ప్రెడ్‌షీట్. ఒక వరస ఇలా ఉంటుంది:

```
2025-05-11,CARD2,C0131.MP4,00:02:10,00:03:05,3,"మైక్ మార్పు మధ్యలో: వడగళ్ల ఏడు, వ్యాపారి సంగతి"
```

తేదీ, కార్డు, ఫైలు, ఎక్కడి నుంచి, ఎక్కడిదాకా, నక్షత్రాలు, వివరణ. ఫైలు పేరు ఒక్కటే రాస్తే చాలదా అంటే చాలదు. కొన్ని కెమెరాల్లో కార్డు ఫార్మాట్ చేయగానే నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. మాకు మూడు రోజుల్లో C0001 పేరుతో మూడు ఫైళ్లు వచ్చాయి. మూడూ ఒకే ఫోల్డర్‌లో పడేస్తే ఒకటి ఇంకోదాని మీద కూర్చుంటుంది. తేదీ, కార్డు, ఫైలు కలిపితేనే ఆ క్లిప్‌కి పూర్తి పేరు. క్లాప్ బోర్డు చేసిన పని ఇదే.

నక్షత్రాలకి అర్థం ముందే రాసి పెట్టుకున్నాను. మూడు అంటే ఇది లేకపోతే వీడియో కథ మారిపోతుంది. రెండు అంటే వాడొచ్చు, ఇదే పని చేసే ఇంకో క్లిప్ కూడా ఉంది. ఒకటి అంటే కట్‌ల మీద కప్పడానికి పనికొచ్చే బొమ్మలు: ఆకులు, బుట్టలు, ట్రాక్టరు. సున్నా అంటే వద్దు. బొమ్మ ఊగినా, గాలి హోరు వినిపించినా ఆ సంగతి వివరణలో రాస్తాను, దానికి మార్కు తగ్గించను. మాట మూడు నక్షత్రాలదైతే ఊగే బొమ్మ మీద బంగినపల్లి చెట్టు బొమ్మ వేసి కప్పొచ్చు. బొమ్మ ఎంత బాగున్నా మాట లేకపోతే దాన్ని ఎవరూ నింపలేరు.

చివరికి లెక్క ఇలా తేలింది: మూడు నక్షత్రాలవి 19, రెండువి 58, ఒకటివి 81, సున్నావి 56. ఈ లెక్క చూడటం ముఖ్యం. మీ షీట్‌లో సగం క్లిప్పులకి మూడు పడ్డాయంటే మీరు రేటింగ్ ఇవ్వలేదు, పొగిడారు. రోజు చివర్లో చూసిన క్లిప్పులన్నీ ఒకటీ సున్నాలే అయితే తప్పు క్లిప్పులది కాకపోవచ్చు, మీకు నిద్ర వచ్చి ఉంటుంది. నేను రోజుకి రెండు గంటల ఫుటేజ్ దాటను. ఆపి, రాసి, వెనక్కి తిప్పి చూస్తే రెండు గంటలది నాలుగు గంటలు అవుతుంది.

ఇప్పుడు ఆ 131వ క్లిప్. ఒక తోట యజమాని, డెబ్భై దాటిన పెద్దాయన. నేను బాబాయ్ గారూ అంటాను. మంచం మీద కూర్చోబెట్టి 38 నిమిషాలు ఇంటర్వ్యూ చేశాం. చిన్న రసాలు, కలెక్టర్ కాయ, నున్న మార్కెట్, అన్నీ చెప్పారు. 21వ నిమిషంలో పూత మీదే తోట అమ్మే పద్ధతి వచ్చింది. చెట్టు పూతకి రాగానే వ్యాపారి తోట మొత్తం ఒక ధరకి మాట్లాడుకుని అడ్వాన్స్ ఇస్తాడు, కాయ కోతకి వచ్చాక మిగతాది. గాలివాన వస్తే నష్టం ఎవరిదీ అన్నదే ఎప్పుడూ తగవు. ఆయన అన్నారు: "ఒక ఏడు వడగళ్లు పడ్డాయి బాబూ, వ్యాపారి మిగతా డబ్బు ఎగ్గొట్టి పోయాడు." గొంతులో బాధ ఉంది, మొహం బాగా పడింది, వెలుగు కూడా కుదిరింది. నేను మూడు వేశాను. ట్రైలర్‌లో పెట్టాల్సిన మాట అది.

మరుసటి రోజు C0131 చూస్తున్నాను. అది ఇంటర్వ్యూ కాదు. కాలర్ మైక్ బ్యాటరీ మారుస్తుంటే కెమెరా ఆపలేదు, అంతే. మా కెమెరా కుర్రాడు దాన్ని సెట్‌లోనే "ఎన్‌జీ అన్నా" అనేశాడు. ఫ్రేములో ఆయన మోకాళ్లు, మా వాడి చెయ్యి. రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర బాబాయ్ గారు పక్కనున్న కూలీతో అంటున్నారు: "వడగళ్ల ఏడు వాడూ మునిగాడు పాపం, ఇచ్చిన అడ్వాన్స్ కూడా తిరిగి అడగలేదు."

ఒకే వడగళ్లు, రెండు కథలు. ఒక మాటలో వ్యాపారి మోసగాడు. ఇంకో మాటలో వ్యాపారి కూడా నష్టపోయి, పెద్దమనసు చూపించినవాడు. విస్సన్నపేట లాంటి ఊళ్లో ఫలానా తోట, ఫలానా ఏడు అంటే ఆ వ్యాపారి ఎవరో పది మందికి తెలుస్తుంది. పేరు చెప్పక్కర్లేదు. లాగ్‌లో ఆ రెండు వరసల్లోనూ "వడగళ్లు" అనే మాట ఉంది కాబట్టి వెతికితే రెండూ ఒకదాని కింద ఒకటి వచ్చాయి. టైమ్‌లైన్‌లో అయితే ఒకటి రెండో రోజు ఫోల్డర్‌లో, ఒకటి మోకాళ్ల బొమ్మ కింద పడి ఉండేవి.

ఫోన్ చేసి అడిగాను. ఆయన కాసేపు ఆగి, "అవి రెండు వేరే ఏళ్లు బాబూ, ఇద్దరూ వేరే మనుషులు" అన్నారు. మొదటి వ్యాపారి ఇప్పుడు లేడట. వడగళ్లు రెండుసార్లూ పడ్డాయి. అంటే ఆయన చెప్పిన రెండు మాటలూ నిజమే. మొదటిది ఒక్కటే వాడి ఉంటే, చూసినవాళ్లు ఇప్పుడున్న రెండో మనిషిని అనుకునేవాళ్లు. వీడియోలో రెండూ పెట్టాం. మోకాళ్ల షాట్‌ని అలాగే ఉంచి, మాట మాత్రం వినిపించేలా చేశాం. కామెంట్లలో ఎక్కువమంది మాట్లాడింది ఆ షాట్ గురించే, విచిత్రం.

ఆ ఫోన్ కాల్‌లోనే ఆయన ఇంకోటి అన్నారు. ఇంటర్వ్యూలో ఈ ఏటి తోట ధర చెప్పారు, అది తీసేయమన్నారు. అన్నదమ్ముల మధ్య ఇంకా లెక్క తేలలేదట. అప్పటి నుంచి నా షీట్‌లో ఎనిమిదో నిలువు గడి వచ్చింది: "వాడొద్దు". ఎవరు, ఎప్పుడు, ఎందుకు చెప్పారో అందులో రాస్తాను. నక్షత్రాలు ఎన్ని ఉన్నా ఆ గడి నిండితే ఆ ముక్క టైమ్‌లైన్‌లోకి రాదు. ఆ వరసకి మూడు నక్షత్రాలు ఉన్నాయి, ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ప్రతి వీడియోకీ ఇంత అవసరమా అంటే, లేదు. స్క్రిప్ట్ చూసి నేనొక్కడినే కెమెరా ముందు మాట్లాడే ఇలాంటి ఎపిసోడ్‌కి పాత సినిమావాళ్ల సున్నా చాలు. ప్రతి ముక్కకీ రెండో మూడో టేకులు, మంచిది అయిన వెంటనే కెమెరా ముందు అరచెయ్యి పెట్టి చూపిస్తాను. టైమ్‌లైన్‌లో చెయ్యి కనిపిస్తే దాని ముందున్నదే ఓకే టేకు. మనుషుల మాటలు గంటల కొద్దీ ఉన్నప్పుడు, ఎవరు ఏమంటారో ముందు తెలియనప్పుడు షీట్ తెరుస్తాను. మామిడి తోటల షీట్‌ని పేర్లు, ధరలు తీసేసి కింద లింకులో పెట్టాను. C0131 వరస మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉంది. వచ్చే వారం తిరువూరు వెళ్తున్నాం, సాగర్ ఎడమ కాలువ మీద ఎపిసోడ్. కాలువ తవ్వినప్పటి మనుషులు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే కామెంట్‌లో ఊరి పేరు మాత్రం రాయండి, నంబర్లు పెట్టకండి.